శనివారం జ్వరం

ఉద్యోగంలో కొత్తగా చేరిన టీచర్లు ఎప్పుడైనా మా ఇంటికి వస్తే పాఠం ఎలా చెప్పాలని ఎవరూ అడగరు. "అర్ధరాత్రి పేరెంట్స్ మెసేజ్ పెడితే ఏం చెయ్యాలి మేడం?" అని అడుగుతారు. చూడకండమ్మా, ఫోన్ ఆపేసి పడుకోండి అంటాను. ఈ మాట ఇప్పటికీ అంటాను. అయితే దానితోపాటు ఒక శనివారం గురించి కూడా చెబుతాను. అది చెప్పకుండా సలహా ఒక్కటే ఇస్తే సగం చెప్పినట్టే.

నాకు అనుమానం ఎక్కువ. మా ఆయన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పెళ్లయిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో కాపురం పెట్టిన నాటి నుంచీ, పాలవాడు నీళ్లు కలిపాడేమోనని, ఆటోవాడు మీటరు తిప్పాడేమోనని చూస్తూనే ఉన్నాను. లెక్కల టీచరుకు అది పనికొచ్చే గుణమే. హోంవర్కులో ముప్పై మంది ఒకే తప్పు చేస్తే మొదట ఎవరు చేశారో పట్టేసేదాన్ని. మా స్టాఫ్ రూములో తెలుగు సారు నన్ను "పోలీస్ మేడం" అనేవారు. ఆయన బొల్లారంలో పుట్టి పెరిగిన మనిషి. నాకంటే చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది. "మేడం, మీరు దేవుని ప్రసాదం సుత వాసన చూసి తింటరు" అనేవారు. నిజమే, చూసేదాన్ని.

సైనిక్‌పురి దగ్గర ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి నేను క్లాస్ టీచర్ని. పిల్లలు రాకపోతే కబురు చెప్పడానికి ఒకప్పుడు చీటీ ఉండేది. ఫోన్లు వచ్చాక ఆ చీటీ పోయింది, దానితోపాటు వేళ కూడా పోయింది. పడుకున్నాక మెసేజ్, పెళ్లిలో ఉంటే మెసేజ్, బోర్డు మీద సమీకరణం సగంలో ఉంటే మెసేజ్. ఒక తండ్రి క్లాసు జరుగుతుండగా "మా వాడు మధ్యాహ్నం నుంచి సెలవు, గేటు దగ్గరికి పంపండి" అని పెట్టి, పంపలేదని ప్రిన్సిపల్ గదిలో పోట్లాడాడు. మా ఫోన్లు అప్పుడు ఆఫీసులో అలమరాలో ఉంటాయి. క్లాసులోకి ఫోన్ తీసుకెళ్లకూడదని రూలు. ఆ సంగతి ఆయనకు తెలియదు, మెసేజ్ పెడితే చాలు అందినట్టే అనుకున్నాడు.

ఆ గొడవ తర్వాత ప్రిన్సిపల్ మేడం అందరినీ కూర్చోబెట్టి పద్ధతులు పెట్టారు. సెలవు కబురు క్లాస్ గ్రూపులో పెట్టకూడదు, క్లాస్ టీచరుకు విడిగా పెట్టాలి. ముందే తెలిసిన సెలవైతే రాత్రి తొమ్మిదిలోపు, పొద్దున్న జ్వరం వస్తే మొదటి గంటకు ముందు. క్లాసులు జరిగే వేళ ఏదైనా అవసరమైతే మెసేజ్ వద్దు, ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి. టీచరు జవాబు ఇవ్వనక్కరలేదు, నీలం టిక్కులు పడితే చూసినట్టే. అటెండెన్స్ అయ్యాక, కబురు లేకుండా రాని పిల్లల ఇళ్లకు మాత్రం ఆఫీసులో అమ్మాయి ఫోన్ చేస్తుంది. కబురు ఉన్నవాళ్ల ఇళ్లకు చేయదు.

జవాబు వద్దన్నది నా పట్టుదలే. అంతకుముందు చూశానని తెలిసేలా బొటనవేలు గుర్తు పెట్టేదాన్ని. "మా పాపకు నూట మూడు జ్వరం ఉంటే మీరు శభాష్ అంటారా?" అని ఒక తల్లి ఏడ్చేసింది. చేతులు జోడించిన గుర్తు పెడితే ఇంకొకాయన "ఎవరు పోయారండీ?" అని ఫోన్ చేశాడు. ఇక ఏ గుర్తూ వద్దు, టిక్కులే చాలనుకున్నాను. అందరికీ ప్రాణం హాయిగా ఉండేది.

ఆ ఏడు నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. వాళ్లమ్మ బొల్లారంలో టిఫిన్ సెంటరు నడిపేది. ఒంటి చేత్తో నడిపేది, ఎందుకంటే భర్త లేడు. ఆమెకు చదువు అంతగా రాదు, అందుకని అన్నీ వాయిస్ మెసేజ్‌లే. వెనకాల పెనం మీద దోశ చుయ్యిమంటుంటే ఆమె గొంతు వినిపించేది. "మేడం నమస్తే. మా పిల్ల రేపు రాదు. మా చెల్లె ఇంట్ల ఫంక్షన్ ఉంది. జెర ఏమనుకోకుర్రి." ప్రతి మెసేజూ చివర ఆ "జెర ఏమనుకోకుర్రి" ఉండాల్సిందే. మర్యాద తెలిసిన మనిషి అనుకునేదాన్ని.

ఒక రాత్రి ఆమె నాకు పెట్టబోయి క్లాస్ గ్రూపులో పెట్టేసింది. ఆమె ఫోన్‌లో గ్రూపు పైన ఉంది, వేలు దాని మీద పడింది, అంతే. "మేడం, మా పిల్లకు డేట్ వచ్చింది. కడుపుల బాగ నొప్పి, ఏడుస్తున్నది. రేపు పంపియ్య. జెర ఏమనుకోకుర్రి." నలభై ఇళ్లలో ఆ గొంతు మోగింది. గ్రూపు పెద్దవాళ్లది అన్నమాటే గాని, ఆ ఫోన్లు రాత్రిపూట ఉండేది పిల్లల చేతుల్లోనే. పొద్దున్న ఫోన్ తెరిచి అది విని, అడ్మిన్ని కాబట్టి వెంటనే అందరి ఫోన్లలోంచీ తీసేశాను. తీసేస్తే, అడ్మిన్ తీసేశారని అక్కడ ఒక వాక్యం మిగులుతుంది. విననివాళ్లు కూడా ఏముందో కనుక్కున్నారు. ఆమెకు ఫోన్ చేసి, ఇకమీదట నా నంబరుకే పెట్టమ్మా అన్నాను. "అయ్యో, తప్పయింది మేడం" అని చాలాసేపు నొచ్చుకుంది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

తర్వాత కొన్ని వారాలకు ఆ అమ్మాయికి శనివారం జ్వరం మొదలైంది.

శనివారం మాకు ఒంటిపూట. రెండు సెక్షన్లనూ కలిపి పెద్ద హాల్లో కూర్చోబెట్టి నేను లెక్కలు చేయించేదాన్ని. మొదటి శనివారం ఆమె రాలేదు, కబురు ఉంది. మరుసటి శనివారం వచ్చింది. ఆ తర్వాతిది మళ్లీ రాలేదు, మళ్లీ కబురు ఉంది. శుక్రవారం రాత్రి నేను ఫోన్ ఆపేశాక వచ్చిన మెసేజ్. వాయిస్ కాదు, టైపు చేసింది, అదీ ఇంగ్లీషులో. గౌరవనీయులైన మేడం గారికి, నా కుమార్తె జ్వరముతో బాధపడుతున్నందున దయచేసి సెలవు మంజూరు చేయగలరు, ఇట్లు తమ విధేయురాలు, అనే ధోరణిలో. గ్రామర్ పుస్తకంలో లీవ్ లెటర్ యథాతథంగా దించినట్టే ఉంది. దోశల పెనం చప్పుడు లేదు, "ఏమనుకోకుర్రి" లేదు.

అనుమానం పుట్టడానికి ఇంకేం కావాలి? తెల్లవారుజామునే లేచి పిండి సంగతి చూసుకోవాల్సిన మనిషి అంత రాత్రివేళ ఇంగ్లీషులో విధేయురాలు ఎలా అవుతుంది? జ్వరానికి వారాల లెక్క ఎలా తెలుస్తుంది? సోమవారం ఆ అమ్మాయి నోటుబుక్కు తెప్పించి చూశాను. శనివారం చేయించిన లెక్కలన్నీ ఉన్నాయి, పద్ధతి మాత్రం నాది కాదు. ఎవరి దగ్గరా దించలేదు, సొంతంగా చేసింది. జ్వరంతో మూలుగుతున్న పిల్ల చేసిన లెక్కల్లా లేవు. "జ్వరం తగ్గిందా?" అన్నాను. "తగ్గింది మేడం" అని బల్లవైపు చూసింది. మాత్ర ఏం వేసుకున్నావంటే చెప్పలేకపోయింది.

స్టాఫ్ రూములో తెలుగు సారుకు చెప్పాను. శనివారం, సినిమా, ఎవరో పిల్లాడు అని నా మనసులో ఒక కథ తయారైపోయింది. క్లాసులో ఎదురుగా కూర్చున్న ప్రతి మగపిల్లాడి ముఖం చూసి, వీడా, వాడా అని లెక్క వేస్తున్నాను. ఆయన నవ్వేశారు. "మేడం, జెర ఆగుర్రి. పిల్లకు జ్వరం వస్తే సుత కేసు పెడతరా? వాళ్లమ్మను అడిగితే అయిపాయె గదా."

అడగొచ్చు. కానీ ఎప్పుడు అడగాలి? జ్వరం పోయాక అడిగితే పిల్ల ఏదో ఒకటి సర్దిచెబుతుంది. రాత్రి జవాబు పెడితే ఫోన్ ఎవరి చేతిలో ఉందో తెలియదు. టైపు చేసినది ఆ పిల్లే అయితే నా జవాబును కూడా తీసేస్తుంది. వాళ్లమ్మ ఫోన్‌లో మటుకు తీసేస్తే నా ఫోన్‌లో మెసేజ్ అలాగే ఉంటుంది, తల్లికి మాత్రం జాడ ఉండదు. నేను చూసినప్పుడు టిక్కులు నీలం అవుతాయి, కానీ ఫోన్ మోగదు. బొటనవేలు గుర్తు పెట్టే అలవాటు ఉండి ఉంటే పొద్దున్నే తల్లి ఫోన్ మోగేది. మా పద్ధతుల్లో ఉన్న సందు ఎక్కడుందో ఆ పిల్ల మాకంటే ముందే కనిపెట్టింది. రాత్రి కబురు పెడితే మేడం జవాబివ్వదు, కబురుంది కాబట్టి ఆఫీసు ఫోన్ చేయదు. నాకు కోపం వచ్చింది. కొంచెం మెచ్చుకోలు కూడా కలిగిందని ఒప్పుకుంటాను.

తర్వాతి శుక్రవారం రాత్రి మళ్లీ జ్వరం వచ్చింది. శనివారం హాల్లో అటెండెన్స్ తీసి, పిల్లలకు లెక్కలిచ్చి, తెలుగు సారును కాసేపు కూర్చోమని ఆఫీసుకు వెళ్లాను. అలమరాలోంచి నా ఫోన్ తీసుకుని, మేమే వద్దన్న వేళలో, మేమే వద్దన్న పని చేశాను. ఆ వేళకు పిల్ల ఎక్కడున్నా ఫోన్ తల్లి దగ్గరే ఉంటుంది. ఆమె చదవలేదు గాని వినగలదు. "అమ్మా, పాప జ్వరం ఎలా ఉంది?" అని వాయిస్ పెట్టాను.

రెండు నిమిషాలు కాకముందే ఫోన్ వచ్చింది. "జ్వరమేంది మేడం? పొద్దుగాల మంచిగ తిని పోయింది. డబ్బా నేనే కట్టిన. నేనే ఆటో ఎక్కించిన. బడికి రాలేదా? మేడం, నా పిల్ల ఎక్కడ ఉంది?"

పట్టేశానన్న సంతోషం ఆ క్షణంతో పోయింది. ఇంతసేపూ ఆ పిల్ల ఏం తప్పు చేస్తోందో ఆలోచించాను గాని, ఎక్కడుందో ఆలోచించలేదు. మూడు శనివారాలు ఒక ఆడపిల్ల యూనిఫాంలో ఇంట్లోంచి బయలుదేరి, ఇటు బడీ అటు ఇల్లూ ఎరగని చోట ఉంది.

ప్రిన్సిపల్ మేడం మంచి మనిషే, కంగారు ఎక్కువ. "క్లాస్ గ్రూప్‌లో పెట్టేద్దాం. ఫొటో పెట్టి, ఎవరైనా చూశారా అని అడుగుదాం" అని ఫోన్ తీశారు. నేను ఆ ఫోన్ మీద చెయ్యి పెట్టేశాను. అలా చేయడం పద్ధతి కాదు. ఆ గ్రూపులో ఆ పిల్ల గురించి ఒకసారి ఒక మాట పడింది, ఇంకో మాట పడితే జన్మలో పోదు అనిపించింది. "నాకు కాస్త వ్యవధి ఇవ్వండి. దొరక్కపోతే గ్రూపూ పోలీసూ అన్నీ మీ ఇష్టం" అన్నాను.

హాల్లోకి వెళ్లి ఆమె పక్కన కూర్చునే అమ్మాయిని బయటికి పిలిచాను. మొదట తెలియదంది. వాళ్లమ్మ దుకాణం మూసి ఏడుస్తూ వస్తోందని చెబితే ఆ పిల్లా ఏడ్చేసింది. "బయట గవర్నమెంట్ లైబ్రరీలో ఉంటది మేడం. సాటర్డే ఏ సమ్స్ ఇస్తరో మిమ్మల్ని ముందే అడిగి తనకు చెప్తా. ప్లీజ్ మేడం, నేను చెప్పినట్టు చెప్పకండి."

తెలుగు సారు స్కూటరు తీశారు. దారిలో ఆయన ఒక్క జోకు కూడా వేయలేదు. పఠన మందిరంలో పేపర్లు తిరగేస్తున్న పెద్దవాళ్ల మధ్య ఆ పిల్ల కూర్చుని ఉంది. ఒక ముసలాయన ఫ్యాను కింద తన కుర్చీని ఆమెకిచ్చి తను కిటికీ దగ్గరికి జరిగినట్టున్నాడు. బల్ల మీద నా లెక్కల పుస్తకం, పక్కన మూత తీయని టిఫిన్ డబ్బా. ముందు తల్లికి ఫోన్ చేసి, దొరికింది, క్షేమంగా ఉంది, బడికి రమ్మని చెప్పాను.

ఆమెను వరండాలోకి తీసుకొచ్చాను. తిట్టాలనే అనుకున్నాను. నోరు తెరవకముందే సారు అడిగారు.

"ఏమైంది బిడ్డా? ఎవరన్న ఏమన్న అన్నరా?"

ఆమె నావైపు చూసి అంది. "మేడం, మీరు అటెండెన్స్‌ల నా నంబర్ పిలిచినప్పుడు వెనక నుంచి ఏమంటరో వినలేదా? సాటర్డే రెండు సెక్షన్లు కలిసి అంటరు."

విన్నాను. ఎన్నోసార్లు విన్నాను. ఆమె నంబరు పిలవగానే వెనక బెంచీల్లోంచి సన్నగా, రాగం తీస్తూ "జెర ఏమనుకోకుర్రి" అని వచ్చేది. అది కుర్రాళ్ల కొత్త ఊతపదం కాబోలనుకుని ఒకసారి నవ్వాను కూడా. పాలవాడిని అనుమానించిన నాకు అక్కడ ఏ అనుమానమూ రాలేదు.

"నన్ను అంటే ఏం కాదు మేడం. అమ్మ లెక్క గొంతు చేసి మాట్లాడతరు. దోశ సౌండ్ సుత చేస్తరు. అమ్మకు చెప్పకండి. తనవల్లే అని తెలిస్తే ఇంక ఫోన్ ముట్టదు. ఆ వాయిస్ పెట్టుడు నేనే నేర్పిచ్చిన మేడం."

సారు కళ్లు తుడుచుకుంటూ అటు తిరిగి స్కూటరు తాళం వెతికారు. తాళం స్కూటరుకే ఉంది.

బడికి వచ్చేసరికి తల్లి ఆఫీసులో నిలబడే ఉంది. చేతులకు పిండి అలాగే ఎండిపోయి ఉంది. కూతురిని చూడగానే ఒక్కటి కొట్టి, వెంటనే గుండెకు హత్తుకుంది. "ఎందుకు పోయినవే? ఏం తక్లీఫ్ అయింది నీకు?" అని ఊపేస్తోంది. పిల్ల నావైపు చూసింది. ప్రిన్సిపల్ మేడం కూడా నావైపే చూశారు.

"నావల్లేనమ్మా" అన్నాను. "శనివారం లెక్కల్లో అందరిముందూ బోర్డు దగ్గరికి పిలుస్తాను. తప్పు చేస్తే గట్టిగా అంటాను. భయపడింది."

ఆ తల్లి నన్ను పైనుంచి కిందికి చూసింది. "గిట్లనా మేడం? పెద్దోళ్లు మీరు, నేను చెప్పెటంత దాన్ని గాదు. కానీ పిల్లలను గట్ల భయపెడితే ఎట్ల? చిన్న పానం. జెర మెల్లగ చెప్పుర్రి." చాలాసేపు చీవాట్లు పెట్టింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ తల్లీ నన్ను అంత మాట అనలేదు. తల వంచుకుని విన్నాను. నేను అలాంటిదాన్ని కానని తెలిసిన ప్రిన్సిపల్ మేడం నోరు తెరవబోయి ఆగిపోయారు.

సోమవారం రెండు సెక్షన్లనూ హాల్లో కూర్చోబెట్టాను. ప్రిన్సిపల్ అనుమతితో నా ఫోన్ చేతిలో పట్టుకుని వెళ్లాను. "మీ అందరి అమ్మలూ నాన్నలూ పంపిన సెలవు మెసేజ్‌లు ఇందులో ఉన్నాయి" అన్నాను. "పొట్ట ఉబ్బరం చేసిన వీరులున్నారు. చీకటంటే భయపడి రాత్రంతా నిద్రపోని ధైర్యవంతులున్నారు. పరీక్ష రోజున పక్క తడిపినవాళ్ల కబురు కూడా ఉంది. అమ్మల గొంతులు మీకు అంత ఇష్టమైతే ఒక్కొక్కటీ వినిపిస్తాను. మొదట ఎవరిది పెట్టమంటారు?" వెనక బెంచీల్లో ముఖాలు తెల్లబోయాయి. చచ్చినా వినిపించేదాన్ని కాదు, అది వాళ్లకు తెలియదు. తర్వాత నంబర్లు పిలిచాను. ఆమె నంబరు దగ్గర ఆగాను. ఏ శబ్దమూ రాలేదు. "ప్రెజెంట్ మేడం" అంది ఆమె.

మా పద్ధతుల్లో ఒకటి మార్చుకున్నాం. రాత్రి చూడొద్దు, జవాబివ్వొద్దు, అది అలాగే ఉంచాం. కానీ పొద్దున్న అటెండెన్స్ అయ్యాక, కబురున్న పిల్లల ఇళ్లకు కూడా ఆఫీసు అమ్మాయి ఫోన్ చేస్తుంది. మెసేజ్ నమ్మకండి, మనిషి గొంతు వినండి. కొత్త టీచర్లకు నేను చెప్పేది ఇదే.

తర్వాతి శనివారం పొద్దున్న, సరిగ్గా పెట్టాల్సిన వేళకు, నా నంబరుకే వాయిస్ వచ్చింది. వెనక పెనం చప్పుడు. "మేడం, పిల్ల బయలెల్లింది. కోపం చెయ్యకుర్రి." సెలవు కబురు పంపే తల్లులను ఎంతమందినో చూశాను, బిడ్డ వస్తోందని కబురు పంపిన తల్లిని ఆమెనే చూశాను. పదో తరగతి అయ్యేదాకా ప్రతి శనివారం ఆ వాయిస్ వచ్చింది. ప్రతిసారీ జవాబిచ్చాను.

ఆ పిల్ల మంచి మార్కులతో పాసైంది. అదే వేసవిలో నేనూ రిటైరయ్యాను. ఒకరోజు తెలుగు సారు, నేను బొల్లారం వెళ్లి ఆ టిఫిన్ సెంటర్లో కూర్చున్నాం. అమ్మాయి ఇంటర్ అప్లికేషన్ పనిమీద బయటికి వెళ్లింది. తల్లి మా ప్లేట్లలో వద్దన్నా ఇడ్లీలు వేస్తూనే ఉంది. ఇప్పుడైనా ఆ కోపం పోయిందా అని నవ్వుతూ అడిగాను.

"కోపమేంది మేడం? ఆ దినమే నాకు ఎరుకైంది" అంది చట్నీ గిన్నె నాకేసి జరుపుతూ. "నా దుకాణానికి మీ బడి పోరలు రారా? అంతకుముందే ఒకసారి నా ముంగటనే నా లెక్క గొంతు చేసి మాట్లాడిరి. నేను వింటున్ననని సూడలె. నాకు తెలిసిందని తెలిస్తే పిల్ల కుములుతది. నా కోసమే గదా దాచింది. అందుకే మిమ్ముల తిట్టిన. జెర ఏమనుకోకుర్రి."